ఎరుపు తగ్గినంత మాత్రాన కన్ను బాగైనట్టు కాదు

కుక్క కంటి ముందు భాగాన, నల్లగుడ్డును కప్పి అద్దంలా మెరిసే పొరే కార్నియా. పాఠ్యపుస్తకాల్లో దాన్ని శుక్లపటలం అంటారు. మందం అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, అంతే. అంత పలచనిదాంట్లోనే నాలుగు పొరలున్నాయి. అన్నిటికంటే పైన ఎపిథీలియం అనే సన్నని తొడుగు ఉంటుంది. దాని కింద కొలాజెన్ పోగులు క్రమంగా పేర్చినట్టుండే స్ట్రోమా ఉంటుంది. కార్నియా మందంలో దాదాపు 90 శాతం ఈ స్ట్రోమాదే. దాని అడుగున సిగరెట్ కాగితం కన్నా పలచనైన డెసిమెట్ పొర, ఆ పొర లోపలి వైపున ఒకే వరుస కణాలతో ఎండోథీలియం ఉంటాయి. అది దాటితే కంటి లోపలి నీరే.

పైతొడుగు ఎక్కడైనా లేచిపోయి కింది స్ట్రోమా బయటపడితే దాన్నే కార్నియా పుండు అంటారు. పుండు అనగానే చీము, రక్తం కళ్లముందు మెదులుతాయి కానీ మొదటి రోజు ఇక్కడ అవేవీ కనబడవు. గీరుకుపోయిన చోటు కూడా కార్నియాలాగే పారదర్శకంగా ఉంటుంది. వెలుతురులో ఎంత పరీక్షగా చూసినా ఇంట్లోవాళ్లకు కాదు, ఒక్కోసారి వైద్యుడికి కూడా అంతుపట్టదు. బయటికి కనిపించేవి మూడే. కుక్క కన్ను సగం మూసి ఉంచుతుంది, కంట్లోంచి నీరు కారుతుంటుంది, తెల్లగుడ్డు ఎర్రబడుతుంది. ఈ మూడూ దుమ్ము పడినా వస్తాయి, కలక వచ్చినా వస్తాయి, కంటి లోపల వాపు ఉన్నా వస్తాయి. ఇబ్బందంతా అక్కడే మొదలవుతుంది.

పుండు పడటానికి కారణాలు మామూలువే. పిల్లి పంజా విసరడం, ముళ్ల కంపలోకి దూరడం, స్నానం చేయించేటప్పుడు షాంపూ పడటం, గడ్డి ముక్క రెప్ప కింద ఇరుక్కోవడం. కొన్ని కుక్కలకు రెప్ప అంచు లోపలికి మడతపడి వెంట్రుకలు రోజంతా కంటిని రాస్తుంటాయి. కొన్నింటికి కన్నీళ్లు తగినంత ఊరవు. ఇక పగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు జాతుల సంగతి వేరు. సెల్‌ఫోన్ ప్రకటనలో పిల్లాడి వెంట తిరిగి మన ఊళ్లలో ‘హచ్ కుక్క’గా పేరుపడ్డ పగ్‌ను గమనిస్తే తెలుస్తుంది. దాని కంటిగుంత లోతు తక్కువ, గుడ్డు ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. చాలావాటికి నిద్రలో కూడా రెప్పలు పూర్తిగా మూతపడవు. ముక్కు మీది ముడతలోని వెంట్రుకలు కంటికి తగులుతుంటాయి. పైగా ఈ జాతుల కార్నియాకు స్పర్శ జ్ఞానం మిగతా కుక్కల కన్నా తక్కువ. గీరుకుపోయినా అంతగా బాధపడవు కాబట్టి ఇంట్లోవాళ్లకు విషయం ఆలస్యంగా తెలుస్తుంది.

కంటికి కనబడని ఈ గాయాన్ని బయటపెట్టేది ఫ్లోరెసిన్ అనే రంగు. జర్మన్ రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ ఫాన్ బేయర్ 1871లో దీన్ని తయారు చేశాడు. పొడిగా ఉన్నప్పుడు నారింజ రంగులో ఉంటుంది. నీళ్లలో కరిగి, దాని మీద నీలి వెలుగు పడితే ఆకుపచ్చగా మెరుస్తుంది. వైద్యులు వాడేది ఈ రంగు అంటించిన సన్నని కాగితపు పట్టీ. ఒక్కో పట్టీ విడివిడిగా, క్రిమిరహితంగా ప్యాక్ చేసి వస్తుంది. ఇదే రంగు సీసాలో ద్రావణంగా పెట్టి పదేపదే వాడితే అందులో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా చేరి పెరిగే ప్రమాదం ఉంది. పుండును వెతకడానికి వేసిన మందే పుండులో క్రిమిని నాటినట్టవుతుంది. పట్టీలు వాడుకలోకి రావడానికి అదీ ఒక కారణమే.

ఈ పరీక్ష వెనకున్న సూత్రం సులువైనదే. ఫ్లోరెసిన్ నీటిలో ఇట్టే కరుగుతుంది, కొవ్వులో కరగదు. ఎపిథీలియం కణాల గోడల్లో ఉండేది కొవ్వు. అందుకే పైతొడుగు ఆరోగ్యంగా ఉన్నంతసేపూ తామరాకు మీద నీటిబొట్టులా రంగు జారిపోతుంది. తొడుగు చిరిగిన చోట మాత్రం కిందనున్న స్ట్రోమా తడి పీల్చే గుణం ఉన్నది కాబట్టి రంగును పట్టేసుకుంటుంది. కడిగినా పోదు.

చేసే పద్ధతిలో మాత్రం జాగ్రత్త కావాలి. ముందుగా కన్నీళ్లు కొలుస్తారు. షిర్మర్ పట్టీ అనే గీతల కాగితాన్ని కింది రెప్పలో ఒక నిమిషం ఉంచితే, తడి 15 మిల్లీమీటర్లు లేదా అంతకుమించి పాకితే సరిపడా కన్నీరు ఉన్నట్టు. 10 దాటకపోతే పొడికన్నును అనుమానించాలి. ఏ చుక్కలూ వేయకముందే ఈ కొలత తీసుకోవాలి, లేకపోతే వేసిన మందు తడినే కన్నీరని లెక్కపెట్టినట్టవుతుంది. పుండులో క్రిములున్నాయన్న అనుమానం ఉంటే ల్యాబ్‌కు పంపే నమూనా కూడా రంగు వేయకముందే తీస్తారు. తర్వాత ఫ్లోరెసిన్ పట్టీ కొసను ఒక చుక్క సెలైన్‌తో తడిపి, పై రెప్ప ఎత్తి తెల్లగుడ్డుకు తాకిస్తారు. పట్టీ నేరుగా కార్నియాకు తగలకూడదు. తగిలితే ఆ రాపిడికే రంగు అంటి, లేని పుండు ఉన్నట్టు కనబడుతుంది. కుక్క రెండు మూడుసార్లు రెప్ప ఆడించాక సెలైన్‌తో బాగా కడిగి, గది చీకటి చేసి నీలి కాంతి వేసి చూస్తారు. అంతా కలిపి రెండు మూడు నిమిషాల పని. నొప్పి ఉండదు. కాసేపటికి ముక్కులోంచి ఆకుపచ్చ నీరు వస్తే కంగారు పడక్కర్లేదు. కంటినుంచి ముక్కులోకి వెళ్లే కన్నీటి దారి తెరిచే ఉందని అర్థం.

రంగు పట్టిందా లేదా అన్నదొక్కటే చూసి ఊరుకుంటే సగమే చదివినట్టు. అంచులు పదునుగా, చిన్నగా, నేల చదునుగా ఉన్న ఆకుపచ్చ మచ్చ పైపై గీరుడు. మచ్చ అంచు దాటి రంగు మసకమసకగా పక్కకు పాకితే, తొడుగు అంచు వదులుగా లేచి ఉందని, రంగు దాని కిందికి దూరిందని తెలుస్తుంది. నడివయసు బాక్సర్ కుక్కల్లో ఎక్కువగా చూసే మొండి పుండు తీరు అది. దానికి ఎన్ని యాంటీబయాటిక్ చుక్కలు మార్చినా లాభం లేదు. అతకని ఆ తొడుగును మత్తు చుక్కలు వేసి తొలగిస్తేనే కొత్తది పట్టుకుంటుంది.

అన్నిటికన్నా మోసపుచ్చేది ఇంకొకటి ఉంది. ఆకుపచ్చ వలయం, మధ్యలో నల్లగా, శుభ్రంగా ఒక చుక్క. చూడగానే మధ్యలో మానిపోయిందని సంబరపడతారు. నిజానికి పుండు స్ట్రోమా మొత్తాన్నీ తినేసి డెసిమెట్ పొర దాకా దిగిపోయింది. ఆ పొర ఫ్లోరెసిన్‌ను పట్టుకోదు కాబట్టి మధ్యలో రంగు లేదు. కన్ను చిల్లు పడటానికి ఆ పలచని పొర ఒక్కటే అడ్డుంది. కుక్క గట్టిగా మొరిగినా, మెడపట్టీ పట్టి లాగినా పగలవచ్చు. అది ఆ రోజే ఆపరేషన్ చేసే కంటి వైద్యుడి దగ్గరికి వెళ్లాల్సిన కేసు. రంగు పట్టలేదు కాబట్టి పుండు లేదు అనే మాట ప్రతిసారీ నిజం కాదని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఇప్పుడు స్టెరాయిడ్ చుక్కల సంగతి. కన్ను ఎర్రబడిందనగానే మందుల షాపులో చేతికొచ్చే సీసాల్లో చాలావాటిలో రెండు మందులు కలిసి ఉంటాయి. ఒకటి క్లోరాంఫెనికాల్, మాక్సిఫ్లాక్ససిన్, టోబ్రామైసిన్ లాంటి యాంటీబయాటిక్. రెండోది డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్. ‘యాంటీబయాటిక్ చుక్కలే కదా’ అని ఇచ్చేవారూ అనుకుంటారు, వేసేవారూ అనుకుంటారు. ఇంట్లో పెద్దవారికి శుక్లాల ఆపరేషన్ తర్వాత రాసిచ్చిన సీసా ఫ్రిజ్‌లో మిగిలి ఉంటే అది కుక్క కంట్లోకి చేరడం కూడా మామూలే. ఆపరేషన్ తర్వాత వాపు తగ్గించడానికి ఆ పెద్దాయనకు స్టెరాయిడ్ అవసరమైంది. కుక్క పరిస్థితి వేరు.

పుండున్న కంట్లో స్టెరాయిడ్ మూడు రకాలుగా చెడుపు చేస్తుంది. పుండు అంచుల నుంచి ఎపిథీలియం కణాలు జరిగి వచ్చి ఖాళీని కప్పితేనే గాయం మానుతుంది, ఆ పనిని స్టెరాయిడ్ మందగింపజేస్తుంది. క్రిములను మింగే తెల్లకణాలను అక్కడికి రానివ్వదు, వచ్చినవాటిని సరిగా పనిచేయనివ్వదు. ఈ రెండింటితోనే ఆగితే పుండు ఆలస్యంగా మానుతుందని సరిపెట్టుకోవచ్చు. మూడోది అలాంటిది కాదు. కొలాజెన్‌ను కరిగించే ఎంజైములు కొన్నున్నాయి. అవి కొంత బ్యాక్టీరియా నుంచి, కొంత కుక్క సొంత తెల్లకణాల నుంచి, కొంత కార్నియా కణాల నుంచే వస్తాయి. మామూలుగా చెడిన కణజాలాన్ని శుభ్రం చేయడం వాటి పని. స్టెరాయిడ్ వీటి జోరు పెంచుతుంది. దానికి సూడోమోనాస్ లాంటి క్రిమి తోడైతే స్ట్రోమా కొలాజెన్ గంటల లెక్కన కరగడం మొదలవుతుంది. దీన్నే కరిగే పుండు అంటారు. 24 నుంచి 48 గంటల్లో కన్ను చిల్లు పడిన సందర్భాలు పశువైద్యులకు కొత్త కాదు.

ఇదంతా జరుగుతున్నా పైకి మాత్రం కన్ను బాగుపడుతున్నట్టే కనబడుతుంది. స్టెరాయిడ్ పనే ఎరుపును, వాపును అణచడం. నొప్పి కూడా తగ్గినట్టుంటుంది. దానికి ఇంకో కారణమూ ఉంది. కార్నియాలో నొప్పి తెలిపే నరాల కొసలు ఎక్కువగా ఉండేది పైభాగంలోనే. పైపై గీరుడుకు కుక్క కన్ను తెరవలేనంత బాధపడుతుంది, లోతుగా దిగిన పుండుకు ఒక్కోసారి అంతకన్నా తక్కువ బాధపడుతుంది. కన్ను కాస్త ఎక్కువ తెరిచింది కదా అని సంతోషించిన రోజే పుండు లోతుకు దిగిన రోజు కావచ్చు.

నాలుగేళ్ల పగ్ ఒకటి ఉందనుకుందాం. ఇలాంటి కేసులు సాధారణంగా ఎలా నడుస్తాయో దాన్ని బట్టి చూడవచ్చు. సోమవారం సాయంత్రం పెరట్లో బొగన్‌విల్లా పొద కింద దూరి వచ్చింది. రాత్రికి కుడికన్ను చికిలిస్తూ, కాలితో రుద్దుకుంటోంది. తాతగారి చుక్కలున్నాయి కదా అని రెండు చుక్కలు వేశారు. మంగళవారం ఎరుపు సగానికి తగ్గింది. ‘మందు పనిచేస్తోంది’ అని పూటకోసారి చొప్పున కొనసాగించారు. బుధవారం కంటి మూలల్లో పసుపుపచ్చ పుసులు కట్టాయి, నల్లగుడ్డు మీద బూడిదరంగు మసక కనిపించింది. పువ్వు వేసిందేమో అనుకున్నారు. గురువారం ఉదయానికి మసక మధ్యలో నానబెట్టిన సగ్గుబియ్యంలా మెత్తని, తెల్లని జిగురు ముద్ద కిందికి జారినట్టు ఉంది. ఆ జిగురు బయటినుంచి పట్టిన పుసి కాదు, కరిగిపోతున్న కార్నియాయే. దాన్ని పుసి అనుకుని దూదితో తుడవబోవడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు.

ఆసుపత్రిలో ముందు కన్నీళ్లు కొలిచారు, 17 మిల్లీమీటర్లు. పొడికన్ను కాదు. పుండు అంచు నుంచి తీసిన నమూనాను సూక్ష్మదర్శినిలో చూస్తే కడ్డీల్లాంటి బ్యాక్టీరియా కనబడింది. రంగు వేస్తే 5 మిల్లీమీటర్ల మేర ఆకుపచ్చ, అంచులు మెత్తగా, లోతు స్ట్రోమాలో సగం దాకా. స్టెరాయిడ్ వెంటనే ఆపేశారు. ఫ్లోరోక్వినొలోన్ జాతి యాంటీబయాటిక్ చుక్కలు మొదట్లో గంటకోసారి, రాత్రిళ్లు కూడా. కంటి లోపలి కండరం బిగుసుకుపోవడం వల్ల వచ్చే నొప్పికి అట్రోపిన్, అది పాప విప్పారేవరకే. నోటి ద్వారా నొప్పి మాత్ర. మెడకు గరాటు లాంటి కాలర్.

వీటితోపాటు మరో మందు ఉంది, అది కుక్క ఒంట్లోనిదే. కుక్క రక్తం కొంచెం తీసి, గడ్డకట్టనిచ్చి, యంత్రంలో తిప్పి పైకి తేలిన సీరమ్‌ను శుభ్రమైన చుక్కల సీసాలో నింపుతారు. కొలాజెన్‌ను కరిగించే ఎంజైములను అడ్డుకునే పదార్థాలు సీరమ్‌లో సహజంగా ఉంటాయి. గంటకో రెండు గంటలకో ఒక చుక్క వేస్తారు. అందులో క్రిములు తేలిగ్గా పెరుగుతాయి కాబట్టి ఫ్రిజ్‌లోనే ఉంచి, రెండు రోజులకోసారి పాతది పారబోసి కొత్తది తయారు చేస్తారు. ఏ పెద్ద కంపెనీ సీసా కూడా అవసరం లేని ఈ వైద్యం చిన్న ఊరి పశువుల ఆసుపత్రిలోనూ సాధ్యమే.

ఈ పగ్ విషయంలో మూడో రోజుకు పుండు అంచులు గట్టిపడ్డాయి. వారం దాటాక తెల్లగుడ్డు వైపు నుంచి సన్నని ఎర్రటి రక్తనాళాలు పుండు వైపు పాకాయి. ఎరుపు చూసి ఇంట్లోవాళ్లు మళ్లీ భయపడ్డారు కానీ ఈసారి ఆ ఎరుపు మంచిదే. కార్నియాలో మామూలుగా రక్తనాళాలుండవు, మరమ్మతు సరుకు మోసుకొస్తున్న దారులవి. నెలకు రంగు పట్టడం ఆగింది. చూపు మిగిలింది, మధ్యలో తెల్లని మచ్చ మాత్రం ఉండిపోయింది. దీన్నే మనవాళ్లు పువ్వు అంటారు. అంతా ఇలాగే గట్టెక్కుతుందని కాదు. మందులకు లొంగకపోయినా, లోతు సగం దాటినా తెల్లగుడ్డు మీది పొరను కొంత మళ్లించి పుండు మీద కుట్టాల్సి వస్తుంది. చిల్లు పడి లోపలంతా చెడితే కన్ను తీసేయక తప్పదు.

సోమవారం రాత్రి కాకపోయినా మంగళవారం ఉదయం రంగు వేసి చూసి ఉంటే కనిపించేది రెండు మిల్లీమీటర్ల పైపై గీరుడు. స్టెరాయిడ్ లేని యాంటీబయాటిక్ చుక్కలు రోజుకు మూడు నాలుగు సార్లు, మెడకు కాలర్. అలాంటివి మూడు నుంచి ఏడు రోజుల్లో మానిపోతాయి. వారం దాటినా మానకపోతే మందు మార్చడం కన్నా కారణం వెతకడం ముఖ్యం. రెప్ప కింద వెంట్రుక ఉందా, కన్నీరు సరిపోతోందా, తొడుగు వదులుగా ఉందా అని చూడాలి.

స్టెరాయిడ్ చుక్కలు చెడ్డ మందులని అనుకోనక్కర్లేదు. కంటి లోపలి వాపుకు అవి కావాలి. జర్మన్ షెపర్డ్‌లకు కార్నియా మీద ఎర్రని పొర పాకే పానస్ అనే జబ్బుకు జీవితాంతం కావాలి. కాకపోతే రంగు పరీక్షలో పుండు లేదని తేలాకే మొదలుపెట్టాలి. పానస్‌కు ఏళ్లుగా వేస్తున్న కుక్క కూడా ఒకరోజు హఠాత్తుగా కన్ను చికిలిస్తే ఆ పూట నుంచే ఆపి, మళ్లీ రంగు వేయించి చూడాలి. తెల్లగుడ్డు పొర కింద ఇంజెక్షన్‌గా ఇచ్చిన స్టెరాయిడ్ అయితే ఇంకా చిక్కు. చుక్కలను ఆపవచ్చు, ఇంజెక్షన్ వారాల తరబడి లోపలే ఉండిపోతుంది. కెటోరోలాక్ లాంటి స్టెరాయిడ్ కాని వాపు చుక్కలు కూడా పుండు మానడాన్ని ఆలస్యం చేస్తాయి. పరీక్ష కోసం వేసే మత్తు చుక్కలను నొప్పి తగ్గుతుంది కదా అని ఇంటికి తెచ్చుకుని వేయకూడదు, అవి ఎపిథీలియానికి విషం లాంటివి.

ఇంట్లో ఉన్న చుక్కల సీసాను ఒకసారి తీసి, పెద్ద అక్షరాల పేరు వదిలేసి, కింద చిన్న అక్షరాల్లో ఉన్న మిశ్రమం చదవండి. డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్, బీటామెథసోన్, ఫ్లోరోమెథలోన్, లోటెప్రెడ్నాల్, డైఫ్లూప్రెడ్నేట్, వీటిలో ఏది కనబడినా అది స్టెరాయిడే. కుక్క కన్ను చికిలిస్తుంటే దాన్ని పక్కన పెట్టి, మెడకు కాలర్ కట్టి, అదే రోజు పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. చుక్కల మందు చీటీ చేతికిచ్చేటప్పుడు, ‘కంటికి రంగు వేసి చూశారా డాక్టరుగారూ?’ అని అడగడానికి మొహమాటపడకండి.